కృతజ్ఞతల డైరీలో రోజూ అవే మాటలు వస్తుంటే

“రోజూ పడుకునే ముందు మూడు విషయాలు రాస్తున్నానండి. రెండు నెలలకే కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం అంటూ అవే తిరిగి వస్తున్నాయి. ఏం చేయాలి?”

ముందు రోజూ రాయడం ఆపేయండి, వారానికి ఒక్కసారి చాలు. మనస్తత్వ శాస్త్రవేత్త సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం 6 వారాలు చేయించిన ప్రయోగంలో వారానికోసారి రాసినవాళ్లకే సంతోషం పెరిగింది, మూడుసార్లు రాసినవాళ్లకు పెరగలేదు. తరచుగా చేస్తే అది కూడా పళ్లు తోముకోవడంలాంటి అలవాటైపోతుంది.

మూడు విషయాలు కూడా వద్దు. ఒక్కటే తీసుకుని ఐదారు వాక్యాలు రాయండి. ‘కుటుంబం’ అన్నది శీర్షిక మాత్రమే, దాని కింద ఏదో ఒకటి జరిగి ఉండాలి కదా. ఇలా: “మంగళవారం రాత్రి పదిన్నరకి ఇంటికొస్తే అమ్మ అన్నం, గోంగూర పచ్చడి మూతపెట్టి ఉంచింది. మోకాలి నొప్పితోనే లేచి నెయ్యి వేడిచేసింది.” ఆ తర్వాత ఒక వాక్యం, అది జరగకపోతే ఏమయ్యేదో: “అమ్మ ఊళ్లో లేకపోతే రెండు బిస్కెట్లు తిని పడుకునేదాన్ని.” నా లెక్కలో అసలు పని చేసేది ఈ వాక్యమే, ఎందుకంటే మామూలైపోయినదాన్ని అది మళ్లీ కొత్తగా చూపిస్తుంది.

ఆదివారం కూర్చుంటే ఏదీ గుర్తురాకపోవచ్చు. అందుకే వారం మధ్యలో ఫోన్‌లో “అమ్మ, నెయ్యి” అని రెండు ముక్కలు పెట్టుకోండి.

రాసినదాన్ని పోయిన వారం పేజీలో పెట్టినా సరిపోతుందంటే, మళ్లీ యాంత్రికంగా రాశారన్నమాట. మనసు బాగా కష్టంలో ఉన్న వారం మాత్రం పేజీ ఖాళీగా వదిలేయండి, బలవంతంగా రాస్తే అపరాధభావమే మిగులుతుంది.