టెక్ సందేహాలు: చిన్న తెరమీద తెలుగు క్యాప్షన్ ముక్కలైపోతోందా?

ప్రశ్న: మాది నారాయణపేట. చేనేత చీరల ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్ముతుంటాను. క్యాప్షన్ నా ఫోనులో వరుసలన్నీ సమంగా, అందంగా కనిపిస్తుంది. మా అత్తగారి చిన్న ఫోనులో మాత్రం ఒక వరుస పొడవు, ఒక వరుస ఒంటి మాట, ఎమోజీలు ఎక్కడో. చాలామంది ధర కూడా చూడకుండానే 'ధర ఎంత' అని అడుగుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీరు వరుసలు సమంగా రావాలని వాక్యం మధ్యలో ఎంటర్ నొక్కుతున్నట్టున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. తెర వెడల్పును బట్టి, అక్షరాల సైజును బట్టి ఫోను తనంతట తానే వరుస మారుస్తుంది. మీరు నొక్కిన ఎంటర్ దానికి అదనం. మీ అత్తగారు అక్షరాల సైజు పెంచుకుని ఉంటే మీ వరుస అక్కడ పట్టదు. చివరి మాట కిందికి జారుతుంది, ఆ వెంటనే మీ ఎంటర్ వచ్చి ఆ మాటను ఒంటరిగా వదిలేస్తుంది. ఇలా:

నారాయణపేట నూలు చీర, ఆకుపచ్చ
గళ్లకు
మెరూన్ అంచు, జాకెట్
ముక్కతో సహా

తెలుగులో ఇది మరీ ఎక్కువగా కనిపిస్తుంది. విభక్తులు, ప్రత్యయాలు కలిసి మన మాటలు పొడవవుతాయి. ఫోను మాటను మధ్యలో విరవకుండా మొత్తంగా కిందికి దించుతుంది కాబట్టి పైన ఖాళీ మిగులుతుంది. అందుకే వాక్యం పూర్తయ్యాకే ఎంటర్ నొక్కండి. వాక్యాలనే చిన్నవిగా రాయండి.

ధర సంగతి వేరు. ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లో క్యాప్షన్ మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది 'మోర్' నొక్కితేనే తెరుచుకుంటుంది. పండుగ శుభాకాంక్షలతోనో పూల ఎమోజీలతోనో మొదలుపెడితే ఆ చోటు వాటికే సరిపోతుంది. చీర పేరు, ధర మొదటి వరుసలోనే రావాలి. దాని కింద వెంటనే ఖాళీ వరుస వదలకండి, కనిపించే కాస్త చోటూ వృథా అవుతుంది. ధరను '₹1,450' అని ఖాళీ లేకుండా రాయండి. '1,450 రూపాయలు' అంటే అంకె పైవరుసలో, 'రూపాయలు' కిందివరుసలో పడవచ్చు.

ఇక ఎమోజీలు. వాక్యం చివర పెట్టిన ఎమోజీని మాటకు అంటించి రాసినా, చోటు చాలకపోతే ఫోను దాన్ని విడదీసి కింద పడేస్తుంది. వరుస మొదట్లో పెడితే ఆ బెడద లేదు, పైగా కంటికి గుర్తుగా పనికొస్తుంది. ఒక్కో విషయానికి ఒకటే ఎమోజీ పెట్టండి, ప్రతి పోస్టులోనూ అదే వాడండి. 📦 అంటే పార్సిల్ వివరమని మీ కొనుగోలుదారులకు అలవాటైపోతుంది. మీ క్యాప్షన్‌ను నేనైతే ఇలా రాస్తాను:

నారాయణపేట నూలు చీర, ₹1,450
ఆకుపచ్చ గళ్లు, మెరూన్ అంచు. జాకెట్ ముక్కతో సహా.

💧 మొదటిసారి విడిగా, చన్నీళ్లలో ఉతకండి.

📦 మహబూబ్‌నగర్, వనపర్తి, నల్లగొండకు పార్సిల్ పంపుతాం. కావలసినవారు మెసేజ్ చేయండి.

ఖాళీ వరుసలు రెండే ఉన్నాయి, చూడండి. విషయం మారిన చోటే వదిలాను. వత్తులు, గుడుల వల్ల తెలుగు వరుస ఎలాగూ ఎత్తు ఎక్కువ తీసుకుంటుంది. ప్రతి వాక్యం తర్వాత ఖాళీ వదిలితే చిన్న తెరమీద వేలితో పైకి తోస్తూనే ఉండాలి. ఖాళీ కోసం చుక్కలు పేర్చడం కూడా నాకు నచ్చదు, చదివేవారికి అవి అడ్డమే.

చీర ఎమోజీ 🥻 వాడాలని మీకు అనిపించవచ్చు. అది ఫోన్లన్నీ పాటించే అక్షరాల, ఎమోజీల పట్టిక యూనికోడ్‌లోకి 2019లో వచ్చింది, కొన్ని పాత ఫోన్లలో దాని చోట ఖాళీ డబ్బా కనిపించవచ్చు. 💧, 📦 పాతవి కాబట్టి ఆ భయం దాదాపు లేదు. చూపు లేనివారి కోసం ఫోను పైకి చదివేటప్పుడు ఎమోజీల పేర్లను కూడా చదువుతుంది. వరుసగా ఎనిమిది పూలు పెడితే వారు అవన్నీ విన్నాకే ధర వింటారు.

క్యాప్షన్‌కు 2,200 అక్షరాల పరిమితి ఉంది. మన కంటికి ఒకటిగా కనిపించే 'స్త్రీ' ఆ లెక్కలో ఆరు: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి. నేత కథ, నేతకారుల వివరాలు వివరంగా రాసేటప్పుడు పరిమితి అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తుంది.

పోస్టు పెట్టేముందు మీ ఫోను సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే విభాగానికి వెళ్లి, ఫాంట్ సైజును బాగా పెంచి, క్యాప్షన్‌ను నోట్స్‌లో అతికించి చూడండి. ఎక్కడైనా ఒంటి మాట వరుసగా మిగిలి, దాని తర్వాత వాక్యం ఇంకా సాగుతుంటే, అక్కడ అనవసరమైన ఎంటర్ ఉన్నట్టే. దాన్ని తీసేయండి.