గుడ్డు పెంకుల పొడి కాల్షియం బిళ్లకు బదులవుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 52 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నెలసరి ఆగి రెండేళ్లయింది. మోకాళ్ల నొప్పులంటే కాల్షియం బిళ్లలు రాశారు, కానీ అవి వేసుకుంటే మలబద్ధకం. మా తోడికోడలు గుడ్డు పెంకులు మిక్సీ పట్టి రోజూ పొద్దున్నే ఒక స్పూను రాగి జావలో కలుపుకుని తాగుతోంది. ఇందులో కెమికల్స్ ఉండవు, మంచిదేనంటోంది. నేనూ తాగొచ్చా? ఎలా తయారు చేసుకోవాలి? నాకు థైరాయిడ్ కూడా ఉంది, 75 బిళ్ల వాడుతున్నాను.

జవాబు: సరిగ్గా చేసుకుంటే తాగొచ్చమ్మా. కాకపోతే మీకు పావు స్పూను చాలు. అది కూడా పొద్దున జావలో వద్దు, మధ్యాహ్నం అన్నంలో కలుపుకోండి. ఎందుకో వివరంగా చెబుతాను.

గుడ్డు పెంకులో దాదాపు 94 శాతం కాల్షియం కార్బొనేటే. మందుల షాపులో దొరికే మామూలు కాల్షియం బిళ్లలో ఉండేదీ అదే పదార్థం. అట్ట మీద 500 అని రాసి ఉన్న బిళ్లలో 1250 మిల్లీగ్రాముల కార్బొనేట్ ఉంటుంది, దానిలోంచి 500 మిల్లీగ్రాముల కాల్షియం వస్తుంది. గ్రామున్నర కంటే కాస్త తక్కువ పెంకు పొడి తిన్నా అంతే వస్తుంది. అంటే మీరు మానేద్దామనుకుంటున్న బిళ్ల, మొదలుపెడదామనుకుంటున్న పొడి ఒంట్లోకి వెళ్లాక ఒకే పని చేస్తాయి. మలబద్ధకానికి కారణం ఆ కార్బొనేటే కాబట్టి పొడితోనూ అది వచ్చే అవకాశం ఉంది. మీ అసలు ఇబ్బంది అదే అయితే కాల్షియం సిట్రేట్ బిళ్ల రాయమని మీ డాక్టర్ని అడగండి. చాలామందికి అది పొట్టకు తేలిగ్గా ఉంటుంది, గ్యాస్ బిళ్లలు రోజూ వాడేవాళ్లకు కూడా అదే నయం. కార్బొనేట్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, పాంటోప్రజోల్ లాంటి బిళ్లలు ఆ ఆమ్లాన్నే తగ్గిస్తాయి.

ఇక ఎంత తీసుకోవాలన్నది. నెలసరి ఆగిన ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన ఐసీఎంఆర్ చెబుతోంది. అదంతా పొడి నుంచే రానక్కర్లేదు. మీరు రోజూ తినేది ఒకసారి లెక్క వేసుకోండి. రెండు పూటల టీలో కలిసి 100 మిల్లీలీటర్ల పాలు పడితే 120 దాకా వస్తుంది. ఒక కప్పు గడ్డ పెరుగు ఇంకో 200 ఇస్తుంది. 50 గ్రాముల రాగి పిండితో జావ కాచుకుంటే 180. ఆకుకూర తిన్న రోజున ఇంకొంత. ఇలా మామూలు ఇంటి భోజనంలోనే 600 దాకా అందుతుంటే మిగిలింది ఇంకో 500, 600 మాత్రమే. దానికి పావు స్పూను పొడి సరిపోతుంది.

మీ తోడికోడలు గారు వేసుకునే నిండు స్పూనులో ఐదారు గ్రాముల పొడి పడుతుంది. అంటే 2000 మిల్లీగ్రాముల పైమాటే, పైగా ఒకేసారి. పేగు ఒక విడతలో 500 దాకా బాగా పీల్చుకుంటుంది, ఆపైన పీల్చుకునే వంతు తగ్గిపోతుంది. మిగిలింది మలబద్ధకం తెస్తుంది. ఇది తాగుతూ పక్కన బిళ్లలు కూడా వేసుకునేవాళ్లలో రక్తంలో కాల్షియం పెరిగిపోయి దాహం, మాటిమాటికీ మూత్రం, వికారం, మగతగా ఉండటం మొదలవుతాయి. కిడ్నీలు కూడా దెబ్బతినవచ్చు. ఆవిడకు ఈ మాట తప్పక చెప్పండి.

థైరాయిడ్ గురించి మీరు రాయడం మంచిదైంది. మా ఓపీకి వచ్చే ఒకావిడ ఏళ్ల తరబడి ఒకే మోతాదు వాడుతూ టీఎస్‌హెచ్ 3 దగ్గర నిలకడగా ఉండేవారు. ఒకసారి పరీక్షలో అది 11 దాటింది. బిళ్ల మానలేదు, కంపెనీ మార్చలేదు. తినే తిండి పొద్దుటి నుంచి వరసగా చెప్పమంటే, ఆరింటికి బిళ్ల, ఆరున్నరకు పెంకుల పొడి కలిపిన జావ అన్నారు. పేగులో కాల్షియం థైరాక్సిన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. మోతాదు పెంచకుండా పొడిని మధ్యాహ్నానికి మార్చాం, ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ మళ్లీ మూడుకు దిగింది. కాబట్టి బిళ్లకూ పొడికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తహీనతకు ఐరన్ బిళ్ల వాడుతుంటే దానికీ రెండు గంటల ఎడం పెట్టండి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ వాడినన్నాళ్లూ పొడి ఆపేస్తే మేలు.

తయారీలో నాకున్న పెద్ద భయం సాల్మొనెల్లా. కోడి రెట్ట నుంచి పెంకు మీదికి చేరే ఈ క్రిమి కడుపులో పడితే జ్వరం, విరేచనాలు పట్టుకుంటాయి. చాలామంది పెంకుల్ని కడిగి ఎండలో ఆరబెట్టి నేరుగా మిక్సీలో వేస్తున్నారు. ఎండకు ఈ క్రిమి చస్తుందన్న నమ్మకం లేదు. పొడి పదార్థాల్లో అది నెలల తరబడి బతికి ఉండగలదు. పొడి వేడి కంటే మరిగే నీళ్లకే అది తేలిగ్గా చస్తుంది, కాబట్టి ముందు ఉడకబెట్టడమే ముఖ్యం.

పగుళ్లు లేని, రెట్ట అంటుకోని గుడ్లనే ఎంచుకోండి. ఆమ్లెట్‌కు కొట్టిన గుడ్ల పెంకులైతే లోపలి జిగురు పోయేలా వెంటనే కడగండి. తర్వాత కావాలంటే మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకుని ఒక ఎనిమిది పోగు చేసుకోవచ్చు, మూడు నాలుగు రోజులకు మించి ఉంచకండి. గిన్నెలో పెంకులు మునిగేలా నీళ్లు పోసి, తెర్లడం మొదలైన దగ్గర్నుంచి పది నిమిషాలు మరగనివ్వండి. నీళ్లు వంచేశాక లోపలి పల్చటి పొర చేత్తో లాగితే ఊడి వస్తుంది. అది తిన్నా ప్రమాదమేమీ లేదు, కానీ తడి పట్టి ఉంచుతుంది, మిక్సీలో నలగదు కూడా. అందుకే తీసేయమంటాను.

పెంకుల్ని శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టి, తర్వాత మందపాటి మూకుడులో సన్న సెగ మీద పదిహేను నిమిషాలు కలుపుతూ వేడి చేయండి. వేళ్ల మధ్య నొక్కితే టప్పున విరగాలి. వంగుతున్నా, మెత్తగా ఉన్నా ఇంకా తేమ ఉన్నట్టే. రంగు మారి నల్లబడితే సెగ ఎక్కువైందని అర్థం, వాటిని పారేయండి. నేరుగా నిప్పుల్లో మాత్రం కాల్చకండి. పెంకును బాగా ఎర్రగా కాలిస్తే కాల్చిన సున్నంలా మారి నోరు, గొంతు కాలిపోతాయి. ఆయుర్వేదంలో పెంకులతో చేసే కుక్కుటాండత్వక్ భస్మం వేరే పద్ధతిలో పుటం పెట్టి చేసేది, దాన్ని వైద్యుడి చెప్పుచేతల్లోనే వాడాలి.

చల్లారాక తడి లేని చిన్న జారులో వేసి, ఆపి ఆపి తిప్పండి. తిప్పగానే మూత తీయకండి, ఐదు నిమిషాలు ఆగితే దుమ్ము అణుగుతుంది. ఆ దుమ్ము ముక్కులోకి పోతే దగ్గొస్తుంది. తర్వాత పల్చటి నూలు గుడ్డలో వేసి జల్లించండి. పిండి జల్లెడ సరిపోదు, అందులోంచి సూదుల్లాంటి నలుసులు కిందికి వచ్చేస్తాయి. అవి గొంతును, పేగును గీరుతాయి. గుడ్డ మీద మిగిలిన బరకను మళ్లీ మిక్సీ పట్టండి. పొడి రెండు వేళ్ల మధ్య రుద్దితే ముఖానికి రాసుకునే పౌడరులా జారిపోవాలి, చిటికెడు నోట్లో వేసుకుంటే పళ్ల మధ్య ఇసుకలా తగలకూడదు. తడిలేని గాజు సీసాలో పెట్టి, ఉండ కట్టినా, వాసన మారినా పారేయండి.

కోడిగుడ్డు ఒకటికి ఐదు గ్రాముల పెంకు వస్తుంది. ఎనిమిదింటికి 40 గ్రాములు, రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం లెక్కన నెలకు సరిపోయేంత. స్పూను లెక్క ఒక్కసారి సరిచూసుకోండి. పావు స్పూను కొలత గరిటెతో పైన చదును చేసి ఇరవై సార్లు తీసి, కిరాణా షాపులో కాటా మీద తూకం వేయించండి. 25, 26 గ్రాముల దగ్గరుంటే మీ కొలత సరైనదే. ఎక్కువ వస్తే పొడి తగ్గించుకోండి. నిమ్మరసంలో పెంకు వేసి నురగ ఆగాక తాగమనే వీడియోలు వస్తున్నాయి. ఉడకబెట్టిన పెంకు పొడి మీద నిమ్మరసం పిండితే ఇబ్బంది లేదు, నురగ వచ్చేది కార్బన్ డయాక్సైడ్. కానీ పచ్చి గుడ్డును నిమ్మరసంలో రోజుల తరబడి నానబెట్టి తాగడం వద్దు.

మీరు పప్పన్నంలో కానీ కూరలో కానీ పావు స్పూను కలుపుకుని, పైన బాగా నీళ్లు తాగండి. భోజనంతో పాటు వెళ్తే బాగా కరుగుతుంది. పొట్ట బిగిస్తే సగం మధ్యాహ్నం, సగం రాత్రి తీసుకుని చూడండి.

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రక్తంలో కాల్షియం ఎక్కువున్నవాళ్లు, గుడ్డు పడనివాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. బీపీ బిళ్లలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉన్నా, గుండెకు డిగాక్సిన్ వాడుతున్నా డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి. ఆ మందులతో కాల్షియం ఇబ్బంది పెడుతుంది. గర్భిణులకూ, పసిపిల్లలకూ ఇంట్లో చేసిన పొడి పెట్టొద్దని నా మాట.

మీ మోకాళ్ల గురించి కూడా చెప్పాలి. ఈ వయసులో మోకాళ్ల నొప్పి సాధారణంగా మృదులాస్థి అరుగుదల వల్ల వస్తుంది, కాల్షియం ఎంత తిన్నా అది తగ్గదు. తొడ కండరాలు బలపడే వ్యాయామాలు, బరువు తగ్గడం దానికి పనికొస్తాయి. కాల్షియం ఎముక పలచబడకుండా చూసేందుకు. పెంకులో విటమిన్ డి ఉండదు, అది లేకపోతే తిన్న కాల్షియం సరిగా ఒంటపట్టదు. పొడి మొదలుపెట్టే ముందు రక్తంలో కాల్షియం, క్రియాటినిన్, విటమిన్ డి చూపించుకోండి. మూడు నెలల తర్వాత టీఎస్‌హెచ్, కాల్షియం మళ్లీ చూపించి, ఆ కాగితాలు, ఈ పొడి సీసా రెండూ మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

— జనరల్ ఫిజీషియన్