అమ్మేసిన మిషను మీద డిఫర్డ్ ట్యాక్స్ మొత్తం తీసేయొచ్చా?

ప్రశ్న: సార్, గుంటూరులో మాది కారం పట్టే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2022 ఏప్రిల్‌లో 60 లక్షలు పెట్టి కొన్న మిషన్ని 2024 ఏప్రిల్‌లో ఖమ్మం పార్టీకి 45 లక్షలకు అమ్మేశాం. పాత మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. మిషనే పోయింది కాబట్టి దాని మీద చూపించిన డిఫర్డ్ ట్యాక్స్ మొత్తం వెనక్కి తీసేయాలని మా అకౌంటెంట్ అంటున్నాడు. ఆడిటర్ గారు ఒప్పుకోవడం లేదు. ఎవరి మాట కరెక్టు? షెడ్యూళ్లు జత చేశాను. ముందు ముందు పాత మిషన్లు కూడా అమ్మేసే ఆలోచన ఉంది.

జవాబు: ఆడిటర్ గారి మాటే కరెక్టు. మీ అకౌంటెంట్ లెక్క కూడా పుస్తకాల వైపు నుంచి చూస్తే సబబుగానే కనిపిస్తుంది, అందుకే చాలా కంపెనీల్లో ఇదే పొరపాటు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా సాగిపోతుంది.

ముందు మిషను మీ దగ్గర ఉన్న రెండేళ్లూ చూద్దాం. కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం 15 ఏళ్ల ఆయుష్షు పెట్టి, 5 శాతం మిగులు విలువ ఉంచి, ఏటా సమానంగా తరుగుదల రాశారు. అంటే ఏడాదికి 3.80 లక్షలు, రెండేళ్లు పోగా పుస్తకాల్లో మిగిలింది 52.40 లక్షలు. ఇన్‌కం ట్యాక్స్‌లో మాత్రం 15 శాతం, అదీ తగ్గుతూ వచ్చే విలువ మీద: మొదటి ఏడు 9 లక్షలు, రెండో ఏడు 7.65 లక్షలు, మిగిలింది 43.35 లక్షలు. ఏప్రిల్‌లోనే వాడకం మొదలుపెట్టారు కాబట్టి, కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే సగం రేటే ఇచ్చే గొడవ మీకు లేదు. ఈ రెండు విలువల మధ్య తేడా 9.05 లక్షలు. అంత ఖర్చు ట్యాక్స్ లెక్కలో ముందే వాడేసుకున్నారు, కాబట్టి దాని మీద పన్ను ఎప్పుడో ఒకప్పుడు కట్టాలి. దాన్నే అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 22 ప్రకారం డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీగా చూపించారు. మీరు కంపెనీలకు తక్కువ రేటు ఇచ్చే 115బీఏఏ సెక్షన్ ఎంచుకున్నారు కాబట్టి రేటు 22 శాతం, దానిపై సర్‌ఛార్జి 10, ఆ రెంటి మీద సెస్ 4, వెరసి 25.168 శాతం. ఇక్కడి వరకు మీ అకౌంటెంట్ లెక్కలో తప్పేమీ లేదు.

చిక్కంతా అమ్మకం దగ్గర వచ్చింది. పుస్తకాల్లో ప్రతి మిషనుకీ విడిగా లెక్క ఉంటుంది, అమ్మితే ఆ మిషను విలువ మొత్తం తీసేసి, వచ్చిన డబ్బుతో పోల్చి లాభమో నష్టమో రాస్తారు. మీకు 52.40కి 45 వచ్చింది కాబట్టి 7.40 లక్షల నష్టం. ఇన్‌కం ట్యాక్స్ చట్టానికి మీ మిషను పేరే తెలియదు. ఒకే తరగతికి చెందిన, ఒకే తరుగుదల రేటున్న ఆస్తులన్నీ దానికి కలిపి ఒక బ్లాక్. అందులో ఒకటి అమ్మితే, 1961 చట్టంలోని 43(6) సెక్షన్ ప్రకారం బ్లాక్ విలువలోంచి తీసేది ఆ మిషను తాలూకు మిగిలిన విలువ కాదు, అమ్మగా వచ్చిన సొమ్ము. అంటే 43.35 కాదు, 45 లక్షలు. ఆ పైన ఉన్న 1.65 లక్షలు ఎక్కడికి పోయాయి? మీ పాత మిషన్ల విలువలోంచి కోత పడ్డాయి. ఇకముందు వాటి మీద ఆ మేరకు తరుగుదల తగ్గుతుంది, పన్ను పెరుగుతుంది. మిషను ఖమ్మం వెళ్లిపోయినా ఆ పన్ను బాకీ గుంటూరులోనే ఉండిపోయిందన్నమాట.

ఇప్పుడు మీ షెడ్యూళ్లలోని అంకెలతోనే మొత్తం బ్లాక్ చూద్దాం. 2024 మార్చి 31 నాటికి పాత మిషన్లు పుస్తకాల్లో 22 లక్షలు, ట్యాక్స్‌లో 14 లక్షలు. కొత్తదానితో కలిపితే పుస్తకాల్లో 74.40, ట్యాక్స్‌లో 57.35, తేడా 17.05 లక్షలు. దీని మీద డిఫర్డ్ ట్యాక్స్ 4,29,114 రూపాయలు, మీ బ్యాలెన్స్ షీట్‌లో ఉన్నదీ ఇదే.

2024-25లో ట్యాక్స్ వైపు 57.35లోంచి 45 తీస్తే 12.35. దాని మీద 15 శాతం తరుగుదల 1.8525 పోతే మిగిలేది 10.4975 లక్షలు. పుస్తకాల వైపు పాత మిషన్ల మీద 2.40 తరుగుదల పోగా 19.60 లక్షలు. తేడా 9.1025, డిఫర్డ్ ట్యాక్స్ 2,29,092 రూపాయలు. అంటే ఈ ఏడు వెనక్కి తీయాల్సింది 2,00,022 రూపాయలు.

మీ అకౌంటెంట్ ఎక్సెల్ షీటులో మిషను వారీగా లెక్క ఉంది. అమ్మిన మిషను వరుసను పూర్తిగా తీసేసి, పాత మిషన్లకు 14 లక్షల మీద మామూలుగా తరుగుదల వేసుకుంటూ పోయాడు. అలా చేసేసరికి తేడా 7.70 లక్షలే వచ్చి, లయబిలిటీ 35,298 రూపాయలు తక్కువ పడింది. పైకి చిన్న మొత్తమే, కానీ ఆ షీటు ఇకముందు ఏ ఏడూ బ్లాక్‌తో కలవదు, ఇంకో మిషను అమ్మినప్పుడు ఎడం ఇంకా పెరగొచ్చు.

ఏ లెక్క నిజమో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది, మీరే కూర్చుని చేసుకోవచ్చు. ఈ ఏడు పుస్తకాల్లో ఈ మిషన్ల తాలూకు ఖర్చు ఎంత రాశారు? తరుగుదల 2.40, అమ్మకం నష్టం 7.40, కలిపి 9.80 లక్షలు. ఇన్‌కం ట్యాక్స్ వాళ్లు ఒప్పుకున్నది? 1.8525 మాత్రమే, ఎందుకంటే బ్లాక్ బతికి ఉన్నంతవరకు అమ్మకం నష్టం విడిగా ఇవ్వరు. తేడా 7.9475 లక్షలు, 25.168 శాతంతో గుణిస్తే పైసలు వదిలేసి 2,00,022. అటు బ్యాలెన్స్ షీట్ నుంచి వచ్చినా, ఇటు లాభనష్టాల నుంచి వచ్చినా ఒకే అంకె రావాలి, వచ్చింది. మీ అకౌంటెంట్ పద్ధతిలో రెండు దారులూ కలవవు. అదే సంగతి ట్యాక్స్ ఆడిట్ ఫారం 3సీడీలోని 18వ క్లాజు పక్కన ఈ షీటు పెట్టినా తెలుస్తుంది. అక్కడ బ్లాక్ ముగింపు విలువ 10,49,750 ఉంటుంది, మీ షీటులో ట్యాక్స్ విలువల మొత్తం 11,90,000 ఉంటుంది. మిషను వారీ షీటు ఉంచుకోండి, పుస్తకాలకి అది కావాలి, కానీ ట్యాక్స్ విలువ మాత్రం 18వ క్లాజులోంచే తీసుకోమనండి.

ఎంట్రీ సులువే: డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీకి డెబిట్, లాభనష్టాల ఖాతాలో డిఫర్డ్ ట్యాక్స్‌కి క్రెడిట్, 2,00,022. 7.40 లక్షల నష్టాన్ని రిటర్నులో తిరిగి కలిపారో లేదో కూడా చూసుకోండి. అది మర్చిపోతే డిఫర్డ్ ట్యాక్స్ కాదు, అసలు పన్నే తక్కువ కట్టినట్టవుతుంది, నోటీసు వచ్చేది దాని మీదే.

పాత మిషన్లు కూడా అమ్మేసే ఆలోచన ఉందని చివర్లో రాశారు కదా, అది మాత్రం వేరే సంగతి. 15 శాతం బ్లాక్‌లో ఒక్క ఆస్తీ మిగలకపోతే లెక్క మారిపోతుంది. బ్లాక్‌లో మిగిలిన విలువ కంటే ఎక్కువ వస్తే షార్ట్ టర్మ్ క్యాపిటల్ గెయిన్, తక్కువ వస్తే క్యాపిటల్ లాస్. ఆ లాస్‌ని వ్యాపార లాభంలోంచి తగ్గించుకోలేరు, క్యాపిటల్ గెయిన్ వచ్చినప్పుడే వాడుకోవాలి, అదీ 8 ఏళ్ల లోపు. అలాంటి గెయిన్ వస్తుందనడానికి చేతిలో గట్టి ఆధారం లేకుండా దాని మీద డిఫర్డ్ ట్యాక్స్ అసెట్ చూపిస్తే ఆడిటర్ గారు సంతకం పెట్టరు. కాబట్టి చివరి మిషను బేరం ఖాయం చేసుకునే ముందే బ్లాక్ విలువ ఎంత ఉందో ఆయన్ని అడిగి చూసుకోండి, బ్లాక్ ఖాళీ అయ్యే ఏడాదిలోనే మార్చి 31 లోపు ఇంకో మిషను కొని వాడకంలో పెట్టే వీలుందేమో కూడా అప్పుడే తేల్చుకోండి.