పార్టిసిపుల్ అన్న ఒక్క మాట చాలదు

సందేహం: తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం వ్యాకరణ పదాల పట్టిక తయారు చేస్తున్నాను. తెలుగు పేరు, పక్కన ఇంగ్లీషు పేరు, కింద చిన్న ఉదాహరణ. సంధులూ సమాసాలూ బాగానే నడిచాయి గానీ అసమాపక క్రియల దగ్గర ఆగిపోయాను. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం, తుమున్నర్థకం... వీటన్నిటికీ ‘పార్టిసిపుల్’ అని రాసేస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. ఇంగ్లీషు క్లాసులో పిల్లలకు తెలిసిన పార్టిసిపుల్స్ రెండే. ‘రీడింగ్’ లాంటిది ఒకటి, ‘రిటెన్’ లాంటి మూడో రూపం ఇంకొకటి. మీ ఐదింటిలో శత్రర్థకం ఒక్కటే ఆ రెంటిలో మొదటిదానికి దగ్గరగా వస్తుంది. మిగతా వాటికి వేరే పేర్లు కావాలి.

మన పేర్లు సంస్కృతం నుంచి వచ్చాయి. క్త్వా, శతృ, తుమున్ అనేవి అక్కడి ప్రత్యయాలు. చేత్ అంటే ‘అయితే’, అపి అంటే ‘కూడా’. ఆ అర్థాన్నిచ్చే తెలుగు రూపానికి ఆ పేరు పెట్టారు, అంతే. ఈ రెండు ముక్కలు ముందే చెబితే పిల్లలకు పేర్లంటే ఉన్న భయం సగం పోతుంది. పట్టిక అచ్చుకు ఇచ్చే ముందు ఒక్కటి చూసుకోండి: శతృ + అర్థకం యణాదేశ సంధితో శత్రర్థకం అవుతుంది. చాలామంది ‘శత్రార్థకం’ అని రాస్తున్నారు, ఆ దీర్ఘానికి ఆధారం లేదు.

ఎక్కువ చిక్కు క్త్వార్థకంతోనే. చదివి, వచ్చి, తిని అన్నవి ఈ రూపాలు. కొన్ని పుస్తకాలు దీనికి ‘పాస్ట్ పార్టిసిపుల్’ అని రాశాయి. క్లాసులో ఆ మాట వాడితే పిల్లవాడికి గుర్తొచ్చేది రిటెన్, బ్రోకెన్. పైగా మన ‘చదివి’కి సొంత కాలం లేదు. ‘నిన్న చదివి చెప్పాను’ అంటాం, ‘రేపు చదివి చెబుతాను’ అని కూడా అంటాం. చెప్పడం కంటే చదవడం ముందు జరుగుతుందన్నంత వరకే అది చెబుతుంది. అది నిన్నటి సంగతో రేపటి సంగతో తేల్చేది చివరి క్రియ. అందుకే ‘కంజంక్టివ్ పార్టిసిపుల్’ అని రాయండి. రెండు పనులను ఒక వాక్యంలో కలిపే రూపం అని ఆ పేరులోనే ఉంది. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు కూడా ‘హావింగ్ రెడ్’ అని బిగించనక్కరలేదు. రెండు క్రియల మధ్య ‘అండ్’ పెడితే చాలాసార్లు పని జరిగిపోతుంది.

ఈ ఎంట్రీ కింద ఒక తప్పు వాక్యం కూడా చూపిస్తే మంచిది. ‘రవి వచ్చి సీత వెళ్ళింది’ అని ఎవరూ అనరు. రెండు పనులకూ కర్త ఒక్కరే కావాలి. కర్తలు వేరైతే ‘రవి వచ్చాక సీత వెళ్ళింది’ అనాలి. మరి ‘వాన కురిసి చెరువు నిండింది’ అంటున్నాం కదా అని తెలివైన పిల్లవాడు అడుగుతాడు. అడగాలి కూడా. అక్కడ మొదటిది రెండోదానికి కారణం, అదీ మనిషి చేతిలో లేని పని. అలాంటి చోట భాష సడలింపు ఇస్తుంది.

శత్రర్థకానికి ‘ప్రెజెంట్ పార్టిసిపుల్’ రాసుకోవచ్చు. ఉదాహరణ: పాప పాడుతూ నడిచింది. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఇంగ్లీషు వైపు నుంచి. ‘వాకింగ్’ అన్న ఒక్క మాటను తెలుగు నాలుగు రూపాలుగా విడగొడుతుంది: నడుస్తూ మాట్లాడాడు, నడవడం మంచిది, నడుస్తున్న మనిషి, అతను నడుస్తున్నాడు. మొదటిదే శత్రర్థకం. రెండోది క్రియ నుంచి పుట్టిన నామవాచకం, దాని ఎదురుగా ‘జెరండ్’ అని రాయాలి. మూడోది మనిషి అన్న నామవాచకానికి విశేషణం, నాలుగోది సమాపక క్రియ. పిల్లలు చివర్లో ‘ఇంగ్’ కనబడగానే ‘తూ’ పెట్టేస్తారు. ఈ నాలుగు వాక్యాలూ ఒకచోట చూపిస్తే వాళ్ళే సర్దుకుంటారు.

చేదర్థకం ‘కండిషనల్’, అప్యర్థకం ‘కన్సెసివ్’. ‘చదివితే పాసవుతావు’, ‘చదివినా గుర్తుండదు’. పేర్లతో ఇబ్బంది లేదు, ఉదాహరణలతోనే ఉంది. ‘తే’ కనబడగానే ‘ఇఫ్’ అని నేర్పిస్తే, ‘నేను అడిగితే అతను నవ్వాడు’ అన్న వాక్యం దగ్గర పిల్లవాడు బోల్తా పడతాడు. అడగడమూ అయిపోయింది, నవ్వడమూ అయిపోయింది, ఇక షరతు ఎక్కడిది? ఇంగ్లీషులో దానికి ‘వెన్’ కావాలి. అప్యర్థకమూ ఇంతే. ‘వాన వచ్చినా ఆట ఆగలేదు’ అంటే వాన నిజంగా వచ్చింది, ఇంగ్లీషులో ‘ఆల్దో’. ‘వాన వచ్చినా ఆట ఆగదు’ అంటే ఇంకా రాలేదు, రావచ్చు, అక్కడ ‘ఈవెన్ ఇఫ్’. ‘వచ్చినా’లో ఒక్క అక్షరం కూడా మారలేదు, మారింది చివరి క్రియ. అందుకని ఈ రెండు ఎంట్రీల కింద ‘చేస్తే’, ‘చేసినా’ అని ఒంటి మాటలు ఉదాహరణగా ఇవ్వకండి. సమాపక క్రియతో సహా పూర్తి వాక్యం ఉండాలి, వీలైతే జరిగినదానికి ఒకటి, జరగబోయేదానికి ఒకటి.

తుమున్నర్థకానికి ‘ఇన్ఫినిటివ్’. ఈ కాలపు తెలుగులో ఆ రూపం విడిగా కనబడడం తక్కువ. చదవలేను, చదవగలను, చదవవచ్చు అన్నప్పుడు ముందున్న ‘చదవ’ అదే. పాత పద్ధతిలో ‘చదవను వచ్చాడు’ అని ఉదాహరణ ఇస్తే ‘నేను చదవను’తో కలిసిపోయి క్లాసులో నవ్వులు తప్ప ఇంకేమీ మిగలదు. ‘చదవడానికి వచ్చాడు’ అని ఇవ్వండి. రూపంలో అది ‘చదవడం’ మీద ‘కి’ చేరినదే అయినా, అర్థం తుమున్నర్థకానిదే కాబట్టి ఈ తరగతులకు అభ్యంతరం లేదు.

మీ జాబితాలో లేనిది ఒకటి చేర్చండి: ‘నేను చదివిన పుస్తకం’లోని ‘చదివిన’. దీన్ని క్రియాజన్య విశేషణం అంటారు, ఇంగ్లీషులో ‘రిలేటివ్ పార్టిసిపుల్’. ఇంగ్లీషులో ‘ద బుక్ దట్ ఐ రెడ్’ అని పుస్తకం ముందు వచ్చి వివరం తర్వాత వస్తుంది, మనకు వివరమంతా ముందే వచ్చేస్తుంది. చదివిన, చదివినా... మధ్య తేడా ఒక్క దీర్ఘమే కాబట్టి దీన్ని అప్యర్థకం పక్కనే అచ్చు వేయించండి. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు మీకు ఎక్కువగా తగిలే తప్పు అక్కడే ఉంటుంది.