ఈఎమ్ఐ మూడు నెలలు ఆపమని బ్యాంకుకి రాసే ముందు

రవీ,

ఆపరేషన్ తర్వాత నువ్వు కోలుకుంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం రా. హోమ్ లోన్ సంగతి కూడా చెప్పింది, మే నుంచి జీతం రాదు కాబట్టి మూడు నెలలు ఈఎమ్ఐ ఆపేసి ఆగస్టు 5 నుంచి మళ్ళీ కడతాను, బ్యాంకువాళ్ళు అర్థం చేసుకుంటారులే అన్నావంట. ఇన్నేళ్ళు లోన్ సెక్షన్లో కూర్చున్న మనిషిని కాబట్టి ఈ ఒక్క మాట విని ఊరుకోలేక ఇదంతా టైప్ చేస్తున్నాను, సునీతని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు, ఎందుకంటే బ్యాంకుకి తిరగాల్సింది తనే.

ముందు తేదీలు చూడు. మే 5న కట్టాల్సింది కట్టకపోతే ఆ రోజు రాత్రికే కంప్యూటర్ నీ ఖాతాని ఎస్ఎమ్ఏ-0 అని, అంటే వాయిదా తప్పిన ఖాతా అని మొదటి హెచ్చరిక గుర్తు పెడుతుంది, జూన్ 4కి ఎస్ఎమ్ఏ-1, జూలై 4కి ఎస్ఎమ్ఏ-2, ఆగస్టు 3న ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. తొంభై రోజుల లెక్క అది, మనిషి చేతిలో లేదు, సిస్టమే చేసేస్తుంది. నువ్వు ఆగస్టు 5న కడతానంటున్నావు, అప్పటికే రెండు రోజులు ఆలస్యం. ఒకసారి ఎన్‌పీఏ పడ్డాక ఒక ఈఎమ్ఐ కట్టి బయటపడలేవు, బాకీలన్నీ వడ్డీతో సహా మొత్తం తీర్చాకే ఖాతా మళ్ళీ మామూలు అవుతుంది, పైగా ఇల్లు తాకట్టులో ఉంది కాబట్టి సర్ఫేసీ చట్టం కింద, కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని అరవై రోజుల నోటీసు పంపే హక్కు కూడా వాళ్ళకి వస్తుంది. మంచి ఉద్దేశం ఉన్నా రాతపూర్వకంగా అనుమతి లేకుండా ఆపితే జరిగేది ఇదీ.

ఇంకో సంగతి, 2020లో కరోనా టైములో మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చారు కదా, అది రిజర్వ్ బ్యాంకు అందరి కోసం ప్రత్యేకంగా ఇచ్చిన అవకాశం, అది ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఆరోగ్యం బాగోలేదని వాయిదాలు ఆపమనడం మన హక్కు కాదు, ఒప్పుకోవడమా మానడమా అనేది ఆ బ్యాంకు పాలసీ. అందుకే లెటర్ చదివినవాడికి పని తేలికయ్యేలా రాయాలి. కష్టాలు రెండు పేజీలు రాస్తే ఆఫీసర్ జాలిపడతాడు కానీ పైకి నోట్ పెట్టలేడు, వాడికి కావాల్సింది నాలుగు విషయాలు, ఏం జరిగింది, ఆదాయం ఎంత తగ్గింది, ఎన్ని నెలలు కావాలి, మళ్ళీ ఏ తేదీ నుంచి కడతావు.

నీ లెటర్ నేనైతే ఇలా రాస్తాను, నంబర్లు నువ్వు ఒకసారి సరిచూసుకో:

"బ్రాంచ్ మేనేజర్ గారికి. మా హోమ్ లోన్ ఖాతా నంబరు ఫలానా, నేనూ నా భార్య సునీతా కలిసి తీసుకున్నాం. ఇప్పటివరకు ప్రతి నెలా 5న 20,000 రూపాయల ఈఎమ్ఐ తప్పకుండా కట్టాం. ఏప్రిల్ 10న నాకు గుండెపోటు వచ్చి బైపాస్ ఆపరేషన్ జరిగింది, 18న డిశ్చార్జ్ అయ్యాను, డాక్టరు జూలై నెలాఖరు వరకు పనికి వెళ్ళొద్దన్నారు. ఆసుపత్రి బిల్లు 4,80,000లో ఇన్సూరెన్స్ 3,00,000 ఇచ్చింది, మిగతా 1,80,000 మా సేవింగ్స్ నుంచి కట్టాం. మే, జూన్, జూలై నాకు జీతం ఉండదు, ఇంటికి వచ్చేది నా భార్య జీతం 22,000 మాత్రమే. కాబట్టి మే 5, జూన్ 5, జూలై 5 వాయిదాలు వాయిదా వేయమని కోరుతున్నాం. ఆగస్టు 5 నుంచి మామూలుగా కడతాం. పూర్తిగా ఆపడం కుదరకపోతే ఆ మూడు నెలలూ నెలకి 6,000 కట్టగలం. మీ నిర్ణయం, దాని షరతులు, ఇది రీస్ట్రక్చరింగ్ కింద సిబిల్‌కి వెళుతుందా లేదా అన్నది రాతపూర్వకంగా మే 5 లోపు తెలియజేయగలరు."

కింద ఇద్దరి సంతకాలూ ఉండాలి. సునీత కో-బారోవర్ కాబట్టి తన సంతకం లేకపోతే లెటర్ వెనక్కి వస్తుంది, గ్యారంటర్ ఎవరైనా ఉంటే వాళ్ళనీ అడుగుతారు. దీంతో పాటు డిశ్చార్జ్ సమ్మరీ, ఫైనల్ బిల్లు, ఇన్సూరెన్స్ ఎంత ఇచ్చిందో ఆ సెటిల్మెంట్ లెటర్, రెస్ట్ ఎన్నాళ్ళో తేదీలతో డాక్టర్ రాసిన సర్టిఫికెట్, జీతం ఉండదని మీ ఆఫీసు ఇచ్చే లాస్ ఆఫ్ పే లెటర్, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టండి. ఇందులో ఎక్కువమంది మర్చిపోయేది ఆఫీసు లెటర్, ఆపరేషన్ జరిగిందని అందరూ నమ్ముతారు కానీ జీతం ఆగిందని చూపించే కాగితం లేకపోతే ఆదాయం తగ్గినట్టు ఫైల్లో ఏమీ ఉండదు. తిరిగి డ్యూటీలో చేరే తేదీ కూడా అందులోనే రాయించు, ఆగస్టు నుంచి కడతానన్న నీ మాటకి బలం అదే.

రెండు కాపీలు తీసుకెళ్ళమను, ఒకటి ఇచ్చి రెండోదాని మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోవాలి. అదే లెటర్ బ్రాంచ్ మెయిల్‌కి కూడా పంపండి. చాలా బ్యాంకుల్లో హోమ్ లోన్ నిర్ణయాలు బ్రాంచ్‌లో ఉండవు, ప్రాసెసింగ్ సెంటర్‌కి వెళ్తాయి, కాబట్టి ఫైల్ ఎక్కడికి పంపుతున్నారో కౌంటర్ దగ్గరే అడిగి ఆ మెయిల్ కూడా తీసుకోమను. నోటితో "చూద్దాం లెండి, ఏం కాదు" అన్నారని ఇంటికి వచ్చేయొద్దు, రాసిన జవాబు రాకుండా ఒక్క వాయిదా కూడా ఆపొద్దు. ఈఎమ్ఐ ఖాతాలోంచి దానంతట అదే కట్ అయ్యేలా ఇచ్చిన ఎన్‌ఏసీహెచ్ మాండేట్ మీరే క్యాన్సిల్ చేయించుకోవద్దు కూడా, అది వాళ్ళ కళ్ళకి ఎగ్గొట్టే మనిషి పని లాగా కనిపిస్తుంది. అనుమతి వచ్చాక "మే 5న మాండేట్ ప్రెజెంట్ చేస్తారా చేయరా" అని అడగాలి, ఎందుకంటే కాగితం మీద ఆపినా సిస్టమ్‌లో ఆపకపోతే డబ్బు కోసం వస్తుంది, ఖాతాలో డబ్బు లేకపోతే బౌన్స్ అయ్యి రెండువైపులా చార్జీలు పడతాయి.

ఇప్పుడు అసలు లెక్క, ఇది ఇద్దరూ నిదానంగా చూడండి. ఆపడం అంటే మాఫీ కాదు, వడ్డీ ఆగదు. నీ బాకీ 18 లక్షలు, వడ్డీ 9 శాతం, అంటే నెలకి 13,500 వడ్డీ, మిగతా 6,500 మాత్రమే అసలుకి పోతోంది. మూడు నెలలు ఏమీ కట్టకపోతే ఆ వడ్డీ అసలులో కలిసి బాకీ దాదాపు 18,40,800 అవుతుంది. ఈఎమ్ఐ అదే 20,000 ఉంచితే ఇప్పుడున్న నూట యాభై వాయిదాల చోట నూట యాభై ఏడు దాకా కట్టాల్సి వస్తుంది, అంటే ఇప్పుడు అరవై వేలు ఆపినందుకు చివర్లో లక్షా ముప్పై వేల దాకా ఎక్కువ. వడ్డీ మాత్రం కట్టుకుంటూ వెళ్తే ఇంత నష్టం ఉండదు కానీ నెలకి 13,500 తేవాలి, సునీత జీతం 22,000లో మందులు, పిల్లల ఫీజులు పోను అది కుదరదు, కాబట్టి నీ విషయంలో పూర్తిగా ఆపడమే సరైంది అనిపిస్తోంది. అయితే అక్టోబర్లో చీటీ వస్తుందన్నావు కదా, ఆ పెరిగిన 41 వేలు రాగానే లోన్‌లో కట్టేయి. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌కి ముందే కట్టినందుకు చార్జీ తీసుకోకూడదు. కట్టేటప్పుడు "ఇది అసలుకి, ఈఎమ్ఐ అదే ఉంచి టెన్యూర్ తగ్గించండి" అని రాసివ్వాలి, అలా చేస్తే లోన్ ఇంచుమించు ఆ మూడు నెలలే వెనక్కి జరుగుతుంది, ఆ లక్షా ముప్పై వేల భారం చాలావరకు పోతుంది.

సిబిల్ గురించి లెటర్లో ఎందుకు పెట్టమన్నానంటే, డబ్బు ఇబ్బంది వల్ల వాయిదాలు మారిస్తే బ్యాంకు దాన్ని రీస్ట్రక్చరింగ్ అనొచ్చు, ఆ మాట సిబిల్ రిపోర్టులో చాలాకాలం ఉంటుంది, రేపు ఇంకో లోన్ అడిగితే అడ్డు వస్తుంది, పైగా మామూలుగా రీస్ట్రక్చర్ చేసిన ఖాతాని బ్యాంకు ఎన్‌పీఏగా కిందకి దించాల్సి వస్తుంది కూడా. కొన్ని స్కీముల్లో ఈఎమ్ఐ హాలిడే ముందే షరతుల్లో ఉంటుంది, దాని కింద ఇస్తే ఈ సమస్య తక్కువ. అందుకే ముందు శాంక్షన్ లెటర్ తీసి చదువు. రీస్ట్రక్చరింగే అంటే మాత్రం కంగారుపడి సంతకం పెట్టకు, పీఎఫ్ నుంచి వైద్యం కోసం అడ్వాన్స్ తీసుకుని ఒకటి రెండు వాయిదాలు కట్టి మిగతాది సర్దుకోవడం అప్పుడు మెరుగు.

ఇంకోటి, లోన్ తీసుకున్నప్పుడు పక్కనే ఒక ఇన్సూరెన్స్ అంటగట్టారా లేదా చూడు. మొదటి నెల స్టేట్‌మెంట్లో ప్రీమియం కట్ అయ్యి ఉంటే పాలసీ ఉన్నట్టే. చాలావాటిలో చనిపోతేనే డబ్బు వస్తుంది, కానీ క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్ ఉంటే బైపాస్ దాని కింద రావచ్చు, అలా ఉంటే క్లెయిమ్‌కి గడువు ఉంటుంది కాబట్టి ఈ వారంలోనే ఆ కాగితం వెతకండి.

ఏప్రిల్ చివరి వరకు జవాబు రాకపోతే సునీత మళ్ళీ వెళ్ళి స్టాంపు కాపీ చూపించి అడగాలి. అయినా రాకపోతే మే 5 ఈఎమ్ఐ ఎలాగోలా కట్టేయండి, అది పీఎఫ్ నుంచైనా సరే, అప్పుడు ఆ తొంభై రోజుల లెక్క జూన్ 5 నుంచే మొదలవుతుంది. మే వాయిదా తప్పిపోయాక తర్వాత ఎప్పుడు ఒక ఈఎమ్ఐ కట్టినా అది పాత బాకీకే జమ అవుతుంది, ఎన్‌పీఏ పడకముందైతే అది కూడా పనికొస్తుంది, ఇది గుర్తుపెట్టుకోండి. బ్యాంకులో రాతగా కంప్లైంట్ ఇచ్చి ముప్పై రోజులైనా పట్టించుకోకపోతే cms.rbi.org.inలో అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, కానీ "మారటోరియం ఇవ్వు" అని ఆయన బ్యాంకుని బలవంతం చేయలేడు, జవాబు ఇవ్వకపోవడం, తప్పుగా చార్జీలు వేయడం లాంటివే ఆయన చూసేది. ఈలోపు రికవరీ వాళ్ళు ఫోన్ చేస్తే పొద్దున 8 నుంచి సాయంత్రం 7 మధ్యే చేయాలి, నీకు కాకుండా సునీతకి ఇమ్మను, నువ్వు ఆ మాటలు విని బీపీ పెంచుకోకు.

లెటర్ రాశాక ఫోటో తీసి నాకు వాట్సాప్ పెట్టండి, బ్రాంచ్‌కి వెళ్ళేముందు ఒకసారి చూస్తాను. ఆఫీసు లెటర్ ఇంకా రాలేదంటే ఇవాళే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు.

మీ పెద్దమామయ్య