రాత్రిపూట కుక్క తిరిగినప్పుడల్లా లైటు వెలుగుతోందా?

గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన అమ్మగారికి రాత్రి బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు ఇబ్బంది కలగకూడదని ఒక జంట నడవాలో మోషన్ సెన్సర్ లైటు పెట్టుకున్నారు. ఇక్కడ న్యూజెర్సీలో మా కమ్యూనిటీకి కొత్తగా వచ్చినవాళ్లు. వాళ్లింట్లో బీగిల్ కుక్క ఉంది. అది రాత్రంతా తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా లైటు వెలుగుతుంది, పెద్దావిడకి నిద్ర చెడుతుంది. "సెన్సిటివిటీ తగ్గించాం అన్నా, ఇప్పుడు అమ్మ వెళ్తే వెలగట్లేదు, కుక్క వెళ్తే వెలుగుతోంది" అన్నాడు ఆ అబ్బాయి. ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నాను. కారణం తెలిస్తే పరిష్కారం తేలికే.

ఇలాంటి లైట్లలో కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్ మనిషినీ కుక్కనీ వేరుచేసి గుర్తుపట్టదు. ఒంటి నుంచి వచ్చే వేడి కిరణాలను మాత్రమే చూస్తుంది. పైన ఉండే తెల్లటి ప్లాస్టిక్ లెన్స్ గదిని విసనకర్ర మడతల్లా చాలా పాయలుగా విడదీస్తుంది. వెచ్చటి శరీరం ఒక పాయలోంచి ఇంకో పాయలోకి దాటితే సెన్సర్‌కి కదలిక తెలుస్తుంది. ఎంత దగ్గరగా ఉంటే అంత పెద్దగా కనిపిస్తుంది. వాళ్ల సెన్సర్ నడవా చివర గోడకి, 7 అడుగుల ఎత్తున, కిందికి వంచి ఉంది. నడవా పొడవు 20 అడుగులు. బీగిల్ వీపు ఎత్తు సుమారు 15 అంగుళాలు. అయినా అది సెన్సర్‌కి దగ్గరగా వస్తే, నడవా అవతలి కొసన ఉన్న మనిషికి తీసిపోనంత పెద్దగా కనిపిస్తుంది. అందుకే సెన్సిటివిటీ తగ్గిస్తే ముందు మాయమయ్యేది దూరంగా ఉన్న అమ్మగారే. పైగా ఆవిడ సెన్సర్ వైపు ఎదురుగా నడుస్తున్నారు. ఎదురుగా వచ్చేవాళ్లు పాయలను తక్కువగా దాటుతారు, అడ్డంగా వెళ్లేవాళ్లు ఎక్కువ దాటుతారు.

కాబట్టి ముందు చోటు మార్చాలి, సెట్టింగ్ జోలికి ఆ తర్వాత వెళ్లాలి. అద్దె ఇల్లు కనుక గోడకి కన్నాలు వద్దన్నాను. డిపాజిట్‌లో కోత పడుతుంది. బ్యాటరీతో నడిచే సెన్సర్‌ని, తర్వాత ఊడదీయగలిగే జిగురు పట్టీలతో, అమ్మగారి గది తలుపు పక్కన నడవా గోడకి అంటించాం. నేల నుంచి 42 అంగుళాల ఎత్తు, చూపు ఎదురు గోడ వైపు. తలుపు దాటగానే ఆవిడ సెన్సర్ ముందు నుంచి, బాగా దగ్గరగా, అడ్డంగా వెళ్తారు. కుక్క తల ఎత్తినా 20 అంగుళాలు దాటదు.

ఎత్తు ఒక్కటే సరిపోదు. గోడకి పెట్టే సెన్సర్లలో చాలావాటికి లెన్స్ పై వరుస తిన్నగా, కింది వరుసలు నేలవైపు చూస్తాయి. అందుకని సెన్సర్‌ని తలకిందులుగా అంటించాం. అప్పుడు ఆ వరుసలు పైకి, మనిషి ఛాతీ, తల వైపు చూస్తాయి. మీ సెన్సర్‌ని తిప్పడం కుదరకపోతే లెన్స్ కింది సగానికి నల్ల ఎలక్ట్రికల్ టేప్ వేయండి. పాలిథీన్ కవర్ ముక్క అంటిస్తే లాభం లేదు. కంటికి నల్లగా కనిపించినా దాంట్లోంచి వేడి కిరణాలు దాటిపోతాయి. అసలు ఆ లెన్స్ చేసేది కూడా పాలిథీన్‌తోనే.

ఇదంతా అయ్యాక యాప్‌లో సెన్సిటివిటీ `Low`కి తెచ్చాం. ఇంత దగ్గర నుంచి మనిషిని పట్టడానికి అది చాలు. పరీక్ష ఇలా చేశాం: అమ్మగారు మామూలుగా రెండుసార్లు నడిచారు, లైటు వెలిగింది. తర్వాత ఆ అబ్బాయి బిస్కెట్ ముక్క చూపించి కుక్కని గోడ పక్క నుంచి ఒకసారి, నడవా మధ్య నుంచి ఒకసారి నడిపించాడు. వెలగలేదు. ఆ సమయంలో మనుషులు సెన్సర్ చూపుకి బయటే ఉండాలి, లేకపోతే తప్పు లెక్క వస్తుంది.

వేసవిలో సెట్ చేసినవాళ్లు డిసెంబర్‌లో మళ్లీ ఒకసారి ఇలాగే చూసుకోండి. చల్లటి గోడ ముందు వెచ్చటి ఒళ్లు బాగా తేలి కనిపిస్తుంది, కాబట్టి సెన్సర్ చురుకుదనం పెరుగుతుంది. హీటింగ్ గాలి వచ్చే జాలీకి ఎదురుగా పెడితే ఎవరూ లేకుండానే వెలగొచ్చు.

పిల్లి ఉన్న ఇంట్లో ఈ పద్ధతి అంత నమ్మకంగా పనిచేయదు. అది సోఫా మీదికో అల్మరా మీదికో ఎక్కితే సెన్సర్ ఎత్తుకి వచ్చేస్తుంది. ఎక్కే చోటు దగ్గరలో లేని గోడ వెతుక్కోవాలి. మెట్ల దగ్గర కుక్కతోనూ ఇదే చిక్కు. ఇంకో మాట, కుక్కని వదిలేసే సెన్సర్ పాకే పసిపిల్లల్నీ వదిలేస్తుంది. బుడిబుడి అడుగుల పిల్లలున్న ఇంట్లో బాత్రూమ్ దగ్గర ప్లగ్‌కి పెట్టే చిన్న నైట్‌లైట్ ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉండనివ్వండి.