ముద్ర కింద నంబరు కొట్టి చూశాక బయటపడింది

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న పిల్లల బొమ్మ నకిలీదేమోనని డౌటుగా ఉంది. ఫొటోలు చూసి అసలుదో నకిలీదో, నాణ్యత ఎలా ఉందో చెప్పగలరా? ఐఎస్ఐ మార్కు అయితే ఉంది, నమ్మొచ్చా?

కాకినాడలో పన్నెండేళ్లుగా బొమ్మల కొట్టు నడుపుతున్నాను. చుట్టాల్లో ఎవరు బొమ్మ కొన్నా, పాడైనా, డౌటొచ్చినా ఆ ఫొటో ముందు నా ఫోనుకే వస్తుంది. డబ్బులు మాత్రం ఆన్‌లైన్ వాడికి కడతారు, సలహా నా దగ్గర అడుగుతారు, అది వేరే బాధ. అన్ని ఫొటోలు చూశాక నాకు అర్థమైంది ఏంటంటే, ఫొటోలో ముద్ర ఉందా లేదా అన్నది పెద్ద విషయం కాదు. ఆ ముద్ర ఈ బొమ్మదేనా అన్నదే అసలు విషయం. దొంగముద్ర వేసేవాడు కూడా ముద్ర చక్కగానే వేస్తాడు.

మొన్న సంక్రాంతి వెళ్లాక మా పిన్ని కూతురు హైదరాబాద్ నుంచి నాలుగు ఫొటోలు పంపింది. వాళ్ల బాబుకి పది నెలలు. రంగురంగుల కారు తాళాల గుత్తి, దానికో చిన్న రిమోటు, నొక్కితే హారన్ మోగుతుంది, లైటు వెలుగుతుంది. రెండొందల నలభై తొమ్మిది రూపాయలు. "అన్నయ్యా, వీడు పొద్దున్నుంచి దీన్నే చప్పరిస్తున్నాడు. ఎర్ర తాళం రంగు నా చీరకి కూడా అంటింది. కానీ వెనకాల ఐఎస్ఐ ఉంది చూడు, పర్లేదంటావా?" అంది. ముందు బొమ్మ వాడి చేతిలోంచి తీసెయ్యమన్నాను, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం అని.

ఫొటోలో ఐఎస్ఐ ముద్ర కనిపిస్తోంది గానీ కింద నంబరు అలికేసినట్టు ఉంది. చివరి అంకె మూడో ఎనిమిదో తెలీదు. వాట్సాప్ ఫొటోని కుదించి పంపుతుంది కాబట్టి ఇలాంటి చిన్న అక్షరాలన్నీ పోతాయి. అదే ఫొటోని డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అలా పంపమన్నాను, ఎనిమిదని తేలింది. మీరు కూడా ఎవరినైనా ఫొటో చూసి చెప్పమనేటప్పుడు ఈ పని చేయండి, సగం గొడవ ఇక్కడే తీరిపోతుంది.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్ర ఒక్కటే ఉంటే సరిపోదు, దాని పైన ప్రమాణం నంబరు, కింద CM/L తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఆ ముద్ర నా దృష్టిలో వట్టి డిజైనే. మా చెల్లి పంపిన దాంట్లో రెండూ ఉన్నాయి. పైన IS 9873, కింద CM/L, అంకెలు. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

ఈ లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. ఫోన్లో వాళ్ల BIS Care యాప్ తెరిచి, Verify Licence Details లోకి వెళ్లి ఆ నంబరు కొట్టాను. లైసెన్సు నిజమైనదే. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, "నంబరు కరెక్టే, ఒరిజినల్" అని వీడియోలు కూడా పెడతారు. అసలు చదవాల్సింది ఆ తర్వాతే. లైసెన్సు ఎవరి పేరున ఉంది, ఫ్యాక్టరీ ఎక్కడుంది, ఏ వస్తువుకి ఇచ్చారు అన్నవి కూడా అక్కడే ఉంటాయి. ఈ నంబరు ఉత్తరాదిలో ఎక్కడో కుట్టుబొమ్మలు, అంటే దూది కూరిన ఎలుగుబంట్లలాంటివి చేసే ఫ్యాక్టరీది. మా చెల్లి చేతిలో ఉన్నది బ్యాటరీతో మోగే ప్లాస్టిక్ తాళాల గుత్తి. ఇక చెప్పేదేముంది.

ఇక్కడ రెండు సంగతులు పట్టుకోవాలి. బ్యాటరీతోగానీ కరెంటుతోగానీ పనిచేసే బొమ్మకి వేయాల్సింది IS 15644. బ్యాటరీ, కరెంటు ఏవీ అక్కర్లేని బొమ్మలకి IS 9873. కాబట్టి బ్యాటరీతో మోగే బొమ్మ మీద ఒక్క IS 9873 కనిపించిందంటే, యాప్ తెరవకముందే నాకు అనుమానం మొదలవుతుంది. రెండోది, లైసెన్సు ఇచ్చేది ఫలానా చోట ఉన్న ఫ్యాక్టరీకి, అమ్మేవాడికీ దిగుమతి చేసేవాడికీ కాదు. మా చెల్లి పంపిన రెండో ఫొటోలో డబ్బా అడుగున తెల్ల స్టిక్కరు ఉంది, తయారైన దేశం చైనా అని రాసి. లైసెన్సు చూస్తే మన దేశంలోని ఫ్యాక్టరీది. చైనాలో తయారైన బొమ్మకి కావాల్సింది చైనాలోని ఆ ఫ్యాక్టరీ తెచ్చుకున్న లైసెన్సు. బయటి దేశాల ఫ్యాక్టరీలకి కూడా బీఐఎస్ ఇస్తుంది, దానికి వేరే పద్ధతి ఉంది. ఎవరిదో నంబరు చూసి దించేసి తన డబ్బా మీద అచ్చు వేయించుకున్నాడన్నమాట.

స్టిక్కరు ఉంది కాబట్టి నకిలీ అనకండి, మంచి సరుకుకి కూడా దిగుమతి వివరాలు స్టిక్కరు మీదే వస్తాయి. అయితే ఆ స్టిక్కరు కింద ఇంకో స్టిక్కరు అంచు కనిపిస్తోందా, ధర మీద ఇంకో ధర అంటించారా అన్నది పక్కనుంచి తీసిన ఫొటోలో తెలుస్తుంది. చిరునామా దగ్గర ఊరి పేరు, పిన్‌కోడు లేకుండా వట్టి బ్రాండు పేరు ఉంటే అది కూడా మంచిది కాదు.

డబ్బా ముందు వైపు అయితే చూడాలి, CE అని ఒకటి, నాన్-టాక్సిక్ అని ఆకు బొమ్మతో ఒకటి, మూల మీద 3+ అని ఒకటి. CE గురించి మా కుటుంబం గ్రూపులో ఏడాదికోసారి ఒక ఫార్వర్డు తిరుగుతుంది, అక్షరాలు దగ్గరగా ఉంటే చైనా ఎక్స్‌పోర్ట్ అనీ, దూరంగా ఉంటే యూరప్‌దనీ. చైనా ఎక్స్‌పోర్ట్ అనే ముద్రే లేదు. CE అంటే యూరప్ రూల్స్ ప్రకారం చేశానని తయారీదారు తనే వేసుకునే గుర్తు. ఇక్కడ అమ్మే బొమ్మకి అది ఐఎస్ఐ బదులు చెల్లదు. నాన్-టాక్సిక్ అన్న మాటకి నేనైతే పూచికపుల్ల విలువ కూడా ఇవ్వను. 3+ సంగతి చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. పది నెలల పిల్లాడు చప్పరించడానికే అన్నట్టు మెత్తగా గుండ్రంగా తాళాలు చేసి, చిన్న ముక్కల పరీక్ష తప్పించుకోవడానికి మూడేళ్లు దాటినవాళ్లకి అని రాసేస్తారు. గిలక్కాయ మీద 3+ రాస్తే అది బడికెళ్లే పిల్లాడి బొమ్మ అయిపోతుందా?

అసలు నన్ను భయపెట్టింది మూడో ఫొటో, రిమోటు వెనక భాగం. బ్యాటరీ మూతకి మర పట్టే గుంట ఉంది, లోపల మర లేదు. పక్కన చిన్న నాలుకలాంటి క్లిప్పు, గోటితో నొక్కితే మూత వచ్చేస్తుంది. "ఒకసారి తీసి లోపల ఏముందో ఫొటో పెట్టు, పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి" అన్నాను. లోపల CR2032, అంటే 20 మిల్లీమీటర్ల బటన్ బ్యాటరీ. ఇది పిల్లల గొంతులో ఇరుక్కుంటే అక్కడి తడికి కరెంటు పారి, క్షారం పుట్టి కండని కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే పెద్ద గాయం అయిపోవచ్చు. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మకి మూత స్క్రూడ్రైవర్‌లాంటి పనిముట్టు లేకుండా రాకూడదు. లైసెన్సు, నంబరు అన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్క ఫొటో చాలు ఆ బొమ్మని ఇంట్లోంచి తీసెయ్యడానికి.

పది రూపాయల బిళ్ల ఎందుకంటే, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఊడే ముక్కల్ని పరీక్షించే గొట్టం లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, లోతు ఒక వైపు ఒక అంగుళం, ఇంకోవైపు రెండంగుళాల పైచిలుకు, అడుగు ఏటవాలుగా ఉంటుంది. ముక్క మొత్తం అందులో దిగిపోతే ఫెయిల్. కాబట్టి ఊడిన ముక్క ఏ వైపు నుంచి చూసినా పది రూపాయల బిళ్ల దాటి కనిపించకపోతే గొట్టంలో కచ్చితంగా దిగుతుంది. బిళ్ల కంటే కాస్త పెద్దదైతే పాసైందని మాత్రం అనుకోకూడదు, గొట్టం ఇంకా వెడల్పు కదా. స్కేలు లేకుండా తీసిన ఫొటోలో చక్రం చక్రంలాగే ఉంటుంది, పెసరగింజంతా పిడికిలంతా తెలీదు.

ఇక మీరు అడిగిన నాణ్యత సంగతి. ఇక్కడ నా చేతుల్లో ఏమీ లేదని ఒప్పుకుంటాను. కిటికీ దగ్గర పక్కనుంచి వెలుతురు పడేలా తీస్తే అతుకు దగ్గర మిగిలిపోయిన ప్లాస్టిక్ పెచ్చులు, గీత దాటిన రంగు, లేచిన పొర కనిపిస్తాయి. ఎర్ర తాళం ఫొటోలో పంటి గాట్ల దగ్గర రంగు ఊడి కింద బూడిదరంగు ప్లాస్టిక్ తేలింది. దాన్నిబట్టి పనితనం నాసిరకం అని చెప్పొచ్చు. రంగులో సీసం ఉందా, ప్లాస్టిక్ మెత్తబడటానికి కలిపే థాలేట్లనే రసాయనాలు ఉన్నాయా అన్నది ఎంత మంచి కెమెరా అయినా చెప్పదు, నేనూ చెప్పను, ల్యాబే చెప్పాలి. మెరిసే అందమైన రంగులో కూడా సీసం ఉండొచ్చు. ఫొటో చూసి "క్వాలిటీ బాగుంది, వాడుకోండి" అని జవాబులు రాసేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

దీనికి పూర్తిగా తిరగబడిన కేసు కూడా ఉంది. మా బావగారు ఒకసారి ఏటికొప్పాక బొంగరం ఫొటో పంపి "దీని మీద ఐఎస్ఐ లేదు, దొంగ సరుకు, తిరిగి ఇచ్చేస్తున్నా" అన్నారు. ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న బొమ్మల్ని ఆ గుర్తింపు వాడుకునే హక్కు నమోదైనవాళ్లు చేస్తే, లేదా కేంద్ర హస్తకళల శాఖలో నమోదైన చేతివృత్తివాళ్లు చేస్తే, ఈ ముద్ర నుంచి మినహాయింపు ఉంది. ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ మూడింటికీ జీఐ ఉంది. అక్కడ అడగాల్సింది ముద్ర గురించి కాదు, చేసినవాళ్ల నమోదు గురించి. పాపం అంకుడు కర్ర మీద లక్క పట్టించి చేసిన బొంగరాన్ని వెనక్కి పంపి, పిల్లకి ఏ పేరూ లేని ప్లాస్టిక్ గిటారు కొన్నారు. దాని మీద ముద్ర ఉంది మరి!

మా చెల్లి సంగతికొస్తే, అమ్మినవాడు మొదట రిటర్ను గడువు అయిపోయిందన్నాడు. లైసెన్సు కుట్టుబొమ్మలదని యాప్ స్క్రీన్‌షాట్ పెట్టేసరికి, బొమ్మ వెనక్కి అక్కర్లేదు, డబ్బులు ఇచ్చేస్తాం అన్నాడు. డబ్బులొచ్చాయి. అయినా బొమ్మని, డబ్బాని, బిల్లుని పారేయొద్దన్నాను, అదే యాప్‌లో ఫిర్యాదు పెట్టించాను, ముద్ర ఫొటో, బిల్లు అందులో ఎక్కించింది. బ్యాటరీ మాత్రం ఆ రోజే తీయించి, రెండు వైపులా టేపు చుట్టి బీరువా పైన పెట్టమన్నాను. వారం తర్వాత ఆ పేజీ తెరిచి చూస్తే తాళాల గుత్తి ఇంకా అమ్ముతూనే ఉన్నాడు, డబ్బా వెనక వైపు ఫొటో ఒక్కటీ తీసేశాడు.